2010 అంటే దొంగ తేదీయా?

2010 జనవరి 1న ప్రపంచంలో చాలాచోట్ల మెయిల్ సర్వర్లు ఒక వింత పని మొదలుపెట్టాయి. నూతన సంవత్సర శుభాకాంక్షలు, ఆఫీసు ఉత్తరాలు, బిల్లులు, రసీదులు, ఏది వచ్చినా అనుమానంగా చూడసాగాయి. ఉత్తరంలో తప్పేమీ లేదు. దాని మీద ఉన్న తేదీలో 2010 అని ఉంది, అంతే. అదే రోజు స్పామ్‌అసాసిన్ నిర్వాహకులు తమ వెబ్‌సైట్‌లో ఒక హెచ్చరిక పెట్టారు. 3.2.0 నుంచి 3.2.5 దాకా ఉన్న వెర్షన్లలో ఒక నియమం దెబ్బతిందని, 2010 లేదా ఆ తర్వాతి ఏడాది తేదీ ఉన్న దాదాపు ప్రతి ఉత్తరానికీ అది 3.6 దాకా చెడ్డ మార్కులు వేస్తోందని, వెంటనే నియమాలను అప్‌డేట్ చేసుకోవాలని దాని సారాంశం.

స్పామ్‌అసాసిన్ అనేది చెత్త ఉత్తరాలను పట్టుకునే ఉచిత సాఫ్ట్‌వేర్. ఐర్లండ్‌కు చెందిన జస్టిన్ మేసన్ 2001లో దీన్ని విడుదల చేశారు. తర్వాత అది అపాచీ సంస్థ నీడకు చేరింది. ఇంటర్నెట్ కంపెనీలు, విశ్వవిద్యాలయాలు, చిన్నాపెద్దా వ్యాపారాలు తమ మెయిల్ సర్వర్ల ముందు దీన్ని కాపలా పెట్టుకున్నాయి. కాబట్టి ఒక నియమంలో ఒక్క అంకె తప్పుగా ఉంటే ఆ ప్రభావం ఒక్క ఊరితో ఆగదు.

ఆ అంకె అక్కడికి ఎలా వచ్చింది, అన్ని కళ్లనూ దాటుకుని ఎలా నిలిచింది అన్నది తెలుసుకోదగ్గ కథ. నియమాలతో తీర్పు చెప్పే ఏ ప్రోగ్రామ్‌నైనా ఎలా పరీక్షించాలో, ఆ పరీక్షలు ఎక్కడ ఆగిపోతాయో దానిలో కనిపిస్తుంది.

మార్కులు వేసే కాపలాదారు

స్పామ్‌అసాసిన్ ఒక ఉత్తరాన్ని ఒక్క చూపుతో తేల్చెయ్యదు. దాని దగ్గర వందల నియమాలుంటాయి. ఒక్కో నియమం ఉత్తరంలో ఒక్కో లక్షణం కోసం వెతుకుతుంది. సబ్జెక్టు అంతా పెద్దక్షరాల్లో ఉందా? పంపినవారి చిరునామా చివర అంకెలు వరసగా ఉన్నాయా? లోపల లింకు ఒకటి చూపించి మరో చోటికి తీసుకుపోతోందా? లక్షణం దొరికితే ఆ నియమానికి కేటాయించిన మార్కులు ఉత్తరం ఖాతాలో పడతాయి. మంచి లక్షణాలకు మైనస్ మార్కులు కూడా ఉంటాయి. అన్నీ కలిపాక మొత్తం 5కు చేరితే అది స్పామ్. ఈ 5 అనేది సాఫ్ట్‌వేర్‌తో పాటు వచ్చే హద్దు. సర్వర్ నడిపేవారు కావాలంటే మార్చుకోవచ్చు.

ఈ పద్ధతిలో ఒక మంచి గుణం ఉంది. ఏ ఒక్క నియమమూ సాధారణంగా ఒంటరిగా ఎవరినీ దోషిని చెయ్యలేదు. ఎవరో స్నేహితుడు హడావుడిలో సబ్జెక్టు మొత్తం పెద్దక్షరాల్లో కొట్టినా ఉత్తరం చేరుతుంది. కానీ అదే గుణం తప్పును దాచిపెడుతుంది కూడా. ఒక నియమం తప్పుగా మూడున్నర మార్కులు వేస్తే, ఏ మచ్చా లేని ఉత్తరాలు 3.5 దగ్గర ఆగి ఇన్‌బాక్స్‌కు చేరిపోతాయి. ముందే 1.6 మార్కులున్న ఉత్తరాలు మాత్రం 5.1కి చేరి చెత్తబుట్టలో పడతాయి. అంటే కొన్ని ఉత్తరాలు వస్తాయి, కొన్ని రావు. సర్వర్ పూర్తిగా చెడిపోయి ఉంటే పది నిమిషాల్లో ఫోన్లు మోగేవి. ఇలా సగం సగం చెడినప్పుడు, రాని ఉత్తరం కోసం ఎదురుచూసే మనిషికి అది రాలేదనే సంగతే తెలియదు.

దెబ్బతిన్న నియమం ఇదీ:

```
header   FH_DATE_PAST_20XX  Date =~ /20[1-9][0-9]/ [if-unset: 2006]
describe FH_DATE_PAST_20XX  The date is grossly in the future.
```

మొదటి వరస చెప్పేది ఇది: ఉత్తరం తలకట్టులోని `Date` అనే గడిలో 20 తర్వాత 1 నుంచి 9 లోపు ఒక అంకె, ఆ పక్కన ఏదైనా మరో అంకె ఉందేమో చూడు. అంటే 2010 నుంచి 2099 దాకా ఏ సంవత్సరమున్నా నియమం తగులుతుంది. తేదీ గడి అసలే లేకపోతే అక్కడ 2006 ఉందనుకో. రెండో వరస నియమానికి వివరణ: తేదీ మరీ భవిష్యత్తులో ఉంది అని.

రాసిన రోజుల్లో ఇది తెలివైన నియమమే. స్పామ్ పంపేవాళ్లు తమ ఉత్తరం ఇన్‌బాక్స్‌లో అన్నిటికన్నా పైన కనబడాలని తేదీని ముందుకు జరిపేవారు. 2038 తేదీతో ఉత్తరం పంపితే, తేదీల వరసలో పేర్చే మెయిల్ ప్రోగ్రామ్‌లో అది ఏళ్ల తరబడి పైనే కూర్చుంటుంది. ఆ మోసాన్ని ఈ నియమం పట్టుకుంది. 2010 వచ్చేదాకా సరైన తేదీ ఉన్న ఏ ఉత్తరాన్నీ ముట్టుకోలేదు.

నిన్నటి ఉత్తరాల సాక్ష్యం

కొత్త నియమాన్ని స్పామ్‌అసాసిన్ బృందం గుడ్డిగా చేర్చదు. వాళ్ల దగ్గర పెద్ద ఎత్తున ఒక పరీక్ష ఉంది. దాని పేరు మాస్‌చెక్. స్వచ్ఛంద సేవకులు తమకు వచ్చిన నిజమైన ఉత్తరాలను చేత్తో వేరుచేసి రెండు కుప్పలుగా పెట్టుకుంటారు. ఒకటి స్పామ్, రెండోది మంచి ఉత్తరాలు. వీటిని ఆ రంగంలో ‘హామ్’ అంటారు. నియమాలన్నిటినీ ఆ కుప్పల మీద నడిపి, ఏ నియమం ఏ కుప్పలో ఎన్నిటికి తగిలిందో లెక్క తీస్తారు. స్పామ్‌కు బాగా తగిలి హామ్‌ను ముట్టుకోని నియమానికి ఎక్కువ మార్కులు. రెండిటికీ సమానంగా తగిలేది పనికిరాని నియమం. మార్కులను కూడా మనిషి మనసుకు తోచినట్టు వెయ్యడు. ఈ లెక్కల నుంచి ప్రోగ్రామే తేలుస్తుంది.

ఇప్పుడు తేదీ నియమాన్ని ఈ జల్లెడలో వెయ్యండి. 2010కి ముందు సేకరించిన హామ్ కుప్పలో 2010 తేదీ ఉన్న మంచి ఉత్తరం ఉండే ప్రశ్నే లేదు. స్పామ్ కుప్పలో మాత్రం 2020, 2038 తేదీలున్న దొంగ ఉత్తరాలు కొన్ని ఉన్నాయి. నియమం తగిలిన ప్రతిసారీ దొరికింది దొంగే. లెక్క ప్రకారం ఇంతకన్నా నమ్మకమైన నియమం ఉండదు. అందుకే అది మూడుకు పైగా మార్కులు సంపాదించుకుంది. మాస్‌చెక్‌లో పొరపాటు జరగలేదు. దానికి ఇచ్చిన సాక్ష్యమంతా గతంలోది, అంతే.

వ్యాకరణ పరీక్ష మరొకటి ఉంది: `spamassassin --lint` అనే ఆజ్ఞ. నియమాల ఫైల్లో అక్షరదోషాలు, తెరిచి మూయని బ్రాకెట్లు ఉంటే పట్టుకుంటుంది. తేదీ నియమం వ్యాకరణం నిక్షేపంగా ఉంది కనుక అక్కడ కూడా పాసవుతుంది.

ఒక పరీక్ష వాక్యనిర్మాణం చూసింది, ఇంకొకటి గతాన్ని చూసింది. మూడో రకం ఒకటుంది. అది చేత్తో అల్లిన ఉత్తరాలతో చేసే పరీక్ష. అలాంటి ఉత్తరం ఎవరికీ వచ్చి ఉండనక్కర్లేదు. రాబోయే ఏడాది తేదీతో ఇవాళే రాసిపెట్టుకోవచ్చు.

జవాబు ముందే రాసిపెట్టిన ప్రశ్న

తూనికలు కొలతల శాఖ ఇన్‌స్పెక్టర్ దుకాణానికి వెళ్లినప్పుడు అక్కడి బియ్యాన్ని తూచి చూడడు. బరువు ముందే తెలిసిన ముద్ర రాయిని తన వెంట తెచ్చి త్రాసు మీద పెడతాడు. కిలో రాయికి త్రాసు కిలో చూపకపోతే తప్పు రాయిది కాదు. తీర్పు చెప్పే ప్రోగ్రామ్‌కు యూనిట్ టెస్టులు ఆ ముద్ర రాళ్లే.

ఇలాంటి టెస్టు కేసులో రెండు భాగాలే ఉంటాయి. ఒకటి ఎప్పటికీ మారని ఇన్‌పుట్, రెండు దానికి రావలసిన తీర్పు. స్పామ్‌అసాసిన్‌లో వీటిని నియమాల ఫైల్లోనే, నియమం కిందే రాసుకునే వీలుంది. ఆ వరసలు టెస్టులు నడిపేటప్పుడు మాత్రమే పనిచేస్తాయి. ఉత్తరాలు వచ్చిపోయే సర్వర్ మీద వాటి ప్రభావం ఉండదు. తేదీ నియమానికి ఆ పద్ధతిలో రెండు కేసులు రాస్తే ఇలా ఉంటాయి:

```
test FH_DATE_PAST_20XX ok   Sat, 12 Jun 2038 09:15:00 +0530
test FH_DATE_PAST_20XX fail Mon, 12 Jun 2006 09:15:00 +0530
```

ఇక్కడ `ok`, `fail` అనే మాటలు తికమక పెడతాయి. `ok` అంటే ఉత్తరం మంచిదని కాదు. ఈ ఇన్‌పుట్‌కు నియమం తగలాలి అని. `fail` అంటే తగలకూడదు అని. మొదటిది దొంగను పట్టుకునే కేసు, రెండోది అమాయకుణ్ణి వదిలిపెట్టే కేసు. రెండూ ఉండి తీరాలి. దొంగల కేసులు మాత్రమే రాస్తే, కనబడిన ప్రతి ఉత్తరానికీ తగిలే చెత్త నియమం కూడా నూటికి నూరు మార్కులతో పాసవుతుంది. అమాయకుల కేసులే రాస్తే, దేనికీ తగలని ఉత్త నియమం పాసవుతుంది.

ఈ రెండు కేసులతో తేదీ నియమం పాసైపోతుంది. 2038కి తగిలింది, 2006ని వదిలేసింది. అయితే అనుభవం ఉన్న టెస్టర్ ఇక్కడ ఆగడు. రెండు తీర్పుల మధ్య ఎక్కడో ఒక సరిహద్దు ఉంటుంది. అది ఎక్కడుందో వెతికి, దానికి అటొకటి ఇటొకటి కేసు పెడతాడు. తప్పులు మధ్యలో కన్నా గట్టు మీదే ఎక్కువగా దొరుకుతాయి. నియమం చదివితే సరిహద్దు కనబడుతూనే ఉంది: 2009, 2010. కాబట్టి మూడో కేసు రాయాలి:

```
test FH_DATE_PAST_20XX ____ Fri, 1 Jan 2010 10:30:00 +0530
```

ఆ ఖాళీలో ఏం రాయాలి?

2006లో కూర్చుని రాస్తుంటే `ok` అనే రాయాలి. ఎందుకంటే 2006లో వచ్చిన ఉత్తరం మీద 2010 తేదీ ఉంటే అది దొంగ తేదీయే. 2010లో కూర్చుని రాస్తే `fail` అని రాయాలి. ఉత్తరం ఒకటే, అక్షరం మారలేదు. తీర్పు మాత్రం చదివే రోజును బట్టి మారుతోంది. అంటే ఈ ఇన్‌పుట్‌కు ఒక స్థిరమైన జవాబు లేదు.

అసలు సంగతి ఇక్కడుంది. స్థిరమైన ఇన్‌పుట్‌కు స్థిరమైన తీర్పు రాయలేకపోతున్నామంటే నియమానికి ఏదో ఒక సమాచారం అందడం లేదన్నమాట. ఒక తేదీ భవిష్యత్తులో ఉందో లేదో చెప్పాలంటే రెండు తేదీలు కావాలి: ఉత్తరం మీద ఉన్నది, ఉత్తరం చేరినది. ఈ నియమం ఒక్కదాన్నే చూస్తోంది. రెండోదాన్ని రాసిన మనిషి తన క్యాలెండర్ చూసి మనసులో అనుకుని, `[1-9]` అనే గుర్తులోకి ఎక్కించేశాడు. టెస్టు నడపకముందే, ఆ ఖాళీ నింపడానికి కలం ఎత్తినప్పుడే ఈ లోపం బయటపడుతుంది.

రెండో గడియారం

ఇదే పని సరిగ్గా చేసే నియమాలు స్పామ్‌అసాసిన్‌లోనే ఉన్నాయి. వాటి పేర్లు `DATE_IN_FUTURE_` అని మొదలవుతాయి. ఉదాహరణకు `DATE_IN_FUTURE_12_24` అనే నియమం, పంపినవారు వేసిన `Date` గడిని, దారిలో సర్వర్లు వేసే `Received` ముద్రలతో పోల్చి చూస్తుంది. పంపినవారి తేదీ 12 నుంచి 24 గంటలు ముందుంటే తగులుతుంది. అంతకన్నా ఎక్కువ తేడాలకు వేరే నియమాలున్నాయి.

ఈ నియమానికి పరీక్ష ఉత్తరం రాయాలంటే రెండు తేదీలూ ఉత్తరంలోనే పెట్టాలి. అవి ఉన్నాక, ఏ ఏడాదిలో నడిపినా తీర్పు మారదు. తేడా మూడు నిమిషాలైతే తగలకూడదు. పదమూడు గంటలు ముందుంటే తగలాలి. పదకొండు గంటలైతే తగలకూడదు. నాలుగేళ్లు ముందుంటే ఈ నియమం ఊరుకుని, దాని అన్నలాంటి మరో నియమం తగలాలి. జవాబుల గడిలో ఎక్కడా ఖాళీ మిగలదు.

అయినా ఒక కేసు తప్పకుండా కలపాలి. హైదరాబాద్‌లో ఒకరు 2010 జనవరి 1 ఉదయం పదిన్నరకు కాలిఫోర్నియాలో ఉన్న కూతురికి శుభాకాంక్షలు పంపారనుకుందాం. అక్కడి సర్వర్ దాన్ని అయిదు సెకన్లలో అందుకుని ముద్ర వేసింది. ఆ రెండు గడులూ ఇలా ఉంటాయి:

```
Date:     Fri, 1 Jan 2010 10:30:00 +0530
Received: ...; Thu, 31 Dec 2009 21:00:05 -0800
```

పైకి చూస్తే ఉత్తరం పదమూడున్నర గంటలు ముందున్నట్టుంది. తేదీ మారింది, నెల మారింది, ఏడాది కూడా మారింది. నిజానికి రెండూ ఒకే క్షణం. చివర ఉన్న `+0530`, `-0800` అనేవి గ్రీనిచ్ సమయం నుంచి ఆయా చోట్ల గడియారం ఎంత తేడాలో ఉందో చెబుతాయి. రెండిటినీ గ్రీనిచ్‌కు మారిస్తే జనవరి 1 ఉదయం అయిదు గంటలు, అయిదు సెకన్లే తేడా. ఈ సర్దుబాటు చెయ్యని ప్రోగ్రామ్ ఆ శుభాకాంక్షలను 12–24 గంటల దొంగగా లెక్కవేస్తుంది. కాబట్టి ఈ కేసు పక్కన ‘తగలకూడదు’ అని రాసిపెట్టాలి. తేదీలను లెక్కించే కోడ్‌ను ఎవరు ఎప్పుడు సవరించినా, మండలాల సంగతి మరిచిపోతే ఈ ఒక్క ఉత్తరం పట్టిస్తుంది.

పాత తేదీ నియమానికైతే ఈ ఉత్తరం తగిలి తీరుతుంది. అది `Date` గడిలోని అంకెలను తప్ప మరేదీ చూడదు. కాలిఫోర్నియా సర్వర్ గోడ మీద ఇంకా 2009 డిసెంబరే ఉన్నా, తూర్పు దేశాల నుంచి వచ్చే ఉత్తరాలకు అక్కడ చెడ్డ మార్కులు అప్పటికే మొదలైనట్టే.

ప్రతి మార్పుకూ మొదటినుంచీ

కేసులు రాసిపెడితే చాలదు, వాటిని ఎప్పుడు నడపాలన్నది రెండో ప్రశ్న. మనిషి గుర్తుపెట్టుకుని నడపాలంటే, తొందరలో ఉన్న రోజునే మరిచిపోతాడు. అందుకే ఆ పనిని యంత్రానికి అప్పగిస్తారు. ఎవరైనా నియమాల ఫైలు మార్చి ఉమ్మడి భాండారంలోకి పంపగానే ఒక సర్వర్ కొత్త ప్రతిని తీసుకుంటుంది, ఏమీ లేని శుభ్రమైన చోట ప్రోగ్రామ్‌ను అమర్చుతుంది, కేసులన్నీ నడుపుతుంది. స్పామ్‌అసాసిన్‌లో చేత్తో నడపాలన్నా `make test` అనే ఒక్క ఆజ్ఞ చాలు. రావలసిన తీర్పుకూ వచ్చిన తీర్పుకూ ఒక్క చోట తేడా వచ్చినా మొత్తం ఎర్రగా చూపిస్తుంది. ఏ కేసు, ఏం రావాలి, ఏం వచ్చింది అని చెబుతుంది. అది పచ్చగా మారేదాకా మార్పు బయటికి వెళ్లకూడదు.

మార్చింది ఒక్క నియమాన్నే కదా, దాని కేసులు నడిపితే చాలదా? చాలదు. ఎందుకంటే తుది తీర్పు మొత్తం మార్కుల మీద ఆధారపడుతుంది. ఒక్కో నియమం కేసులతో పాటు పూర్తి ఉత్తరాలను కూడా కేసులుగా ఉంచుకోవాలి. స్పామ్‌అసాసిన్ టెస్టుల్లో మంచివి, చెడ్డవి అని నమూనా ఉత్తరాలు విడివిడిగా ఉంటాయి.

లెక్క కోసం ఒక ఉత్తరాన్ని అనుకుందాం. ఒక గ్రంథాలయం సభ్యులకు పంపే నోటీసు. అందులో రంగుల అలంకరణ తప్ప మామూలు టెక్స్టు లేదు, దానికి 1.1 మార్కులు. సబ్జెక్టు పెద్దక్షరాల్లో ఉంది, దానికి 1.6. మొత్తం 2.7. రావలసిన తీర్పు: మంచి ఉత్తరం. కొన్నాళ్లకు పెద్దక్షరాల స్పామ్ పెరిగిందని ఒకరు ఆ నియమాన్ని 2.6కు పెంచారు. మొత్తం 3.7. ఇంకా 5 లోపే ఉంది, టెస్టు పచ్చగానే ఉంది. మరి కొన్ని వారాలకు వేరొకరు, పుస్తకం గడువు పొడిగించే లింకులాంటి పొడవాటి లింకులకు 1.5 మార్కులతో కొత్త నియమం తెచ్చారు. దాని సొంత కేసులన్నీ పాసయ్యాయి. గ్రంథాలయం నోటీసు మాత్రం 5.2కు చేరి ఎర్రగా మారింది.

ఇక్కడ రెండో మనిషి తప్పేమీ చెయ్యలేదు, మొదటి మనిషీ చెయ్యలేదు. ఇద్దరికీ ఒకరి మార్పు ఒకరికి గుర్తుండనక్కర్లేదు. ఆ నోటీసు గుర్తుపెట్టుకుంది. ఇప్పుడు బృందం కూర్చుని కొత్త నియమం మార్కులు తగ్గించాలా, లేక లింకు వర్ణనను ఇంకా బిగించాలా అని తేల్చుకోవాలి. సభ్యుల ఉత్తరాలు ఆగిపోకముందే ఆ చర్చ జరుగుతుంది.

పచ్చ రంగు ఎప్పుడు అబద్ధం చెబుతుంది

ఈ పద్ధతికి ఒక సులువైన అడ్డదారి ఉంది. అదే దాన్ని పాడుచేస్తుంది కూడా. టెస్టు ఎర్రగా మారగానే నియమాన్ని సరిచేసే బదులు, రావలసిన తీర్పును వచ్చిన తీర్పుతో సమానంగా మార్చేస్తే క్షణంలో పచ్చబడుతుంది. మొదటిసారి కేసులు రాసేటప్పుడు కూడా ఇదే ఆశ పుడుతుంది. ప్రోగ్రామ్‌ను నడిపి, అది ఏమంటే అదే ‘రావలసిన తీర్పు’ అని అతికించేస్తే పది నిమిషాల్లో వంద కేసులు తయారవుతాయి. అవి చెప్పేది ఒక్కటే: ప్రోగ్రామ్ నిన్న చెప్పిందే ఇవాళా చెబుతోంది అని. నిన్నటిది తప్పైతే ఆ తప్పుకు కాపలా కాస్తాయి.

అందుకని తీర్పును ప్రోగ్రామ్ నడపకముందు మనిషి రాయాలి, పక్కన కారణం కూడా రాయాలి. ‘2010 జనవరి 1, హైదరాబాద్ నుంచి కాలిఫోర్నియాకు, ఒకే క్షణం, మండలాలు వేరు, తగలకూడదు’ అని ఒక వరస ఉంటే చాలు. రెండేళ్ల తర్వాత ఆ కేసు ఎర్రబడితే, చూసే కొత్త మనిషికి మార్చాల్సింది నియమమా, కేసా అన్నది తెలుస్తుంది. కారణం లేని కేసు ఎర్రబడితే చాలామంది దాన్ని చెరిపేస్తారు.

టెస్టులు నిజంగా కాపలా కాస్తున్నాయో లేదో తెలుసుకోవడానికి ఒక మొరటు ఉపాయం ఉంది. నియమాన్ని కావాలని చెడగొట్టి చూడాలి. `[1-9]` ఉన్నచోట `[3-9]` పెట్టి నడపాలి. అప్పుడు 2010 నుంచి 2029 దాకా నియమానికి కనబడవు. ముందు రాసుకున్న 2038, 2006 కేసులు రెండూ పచ్చగానే ఉంటాయి. నియమం అర్థం ఇరవై ఏళ్లు జరిగినా ఎవరూ కేక వెయ్యలేదంటే సరిహద్దు దగ్గర కాపలా లేదని తేలిపోయింది. ఇలా చిన్న చిన్న చెడగొట్టుళ్లను ప్రోగ్రామ్‌తోనే వరసగా చేయించి, ఎన్నిటిని టెస్టులు పట్టుకున్నాయో లెక్కపెట్టే పద్ధతిని మ్యుటేషన్ టెస్టింగ్ అంటారు.

ఇంకో హద్దు ఈ పద్ధతి స్వభావంలోనే ఉంది. టెస్టులు మార్పు జరిగినప్పుడు నడుస్తాయి. 2009 డిసెంబరు 31కీ 2010 జనవరి 1కీ మధ్య నియమాన్ని ఎవరూ మార్చలేదు. మారింది లోకం. ఆ రాత్రి టెస్టులు నడిపినా, కేసులు 2006, 2038 తేదీలవే అయితే అన్నీ పచ్చగానే వచ్చేవి. స్థిరమైన ఇన్‌పుట్‌ల బలం అదే, లోపమూ అదే. గడియారం కదిలినా అవి కదలవు. దీనికి ఒక మందు ముందు చూసినదే: నియమం లోపల దాక్కున్న కాలాన్ని బయటికి లాగి ఇన్‌పుట్‌లో పెట్టడం. రెండో మందు, కొత్త ఉత్తరాలతో మాస్‌చెక్‌ను మళ్లీ మళ్లీ నడపడం. చేత్తో రాసిన కేసులు మనం ఊహించినదాన్ని కాపాడతాయి. మనం ఊహించనిది ఏం వస్తోందో నిజమైన ఉత్తరాలే చెబుతాయి.

ఏ కొమ్మకు నీళ్లు పోశారు

ఈ కథలో చివరి మలుపు సాంకేతికమైనది కాదు. ఆ నియమంలో లోపాన్ని స్పామ్‌అసాసిన్ బృందం 2010కి ముందే గుర్తించింది. తర్వాతి వెర్షన్ కోసం తయారవుతున్న కోడ్‌లో సరిదిద్దింది కూడా. కానీ ఆ సవరణ, జనం అప్పటికి వాడుతున్న 3.2 వెర్షన్ నియమాల్లోకి చేరలేదు. సాఫ్ట్‌వేర్ తయారీలో ఇది మామూలే. కొత్త వెర్షన్ ఒక కొమ్మ మీద పెరుగుతుంటుంది, వాడుకలో ఉన్న పాత వెర్షన్ ఇంకో కొమ్మ మీద ఉంటుంది. ఒక కొమ్మ మీద చేసిన పని దానంతటదే రెండో కొమ్మకు పాకదు.

టెస్టు కేసుకు ఇక్కడ ఇంకో ఉపయోగముంది. లోపం దొరికినప్పుడు సవరణతో పాటు, ఆ లోపాన్ని చూపించే కేసును కూడా రాస్తారు. సవరణ పాత కొమ్మకు అతకకపోవచ్చు. కేసు మాత్రం నాలుగు వరసల ఉత్తరమే కనుక ఎక్కడికైనా తీసుకుపోవచ్చు. వాడుకలో ఉన్న ప్రతి వెర్షన్ మీదా దాన్ని నడిపితే, ఏ కొమ్మ ఇంకా జబ్బుతో ఉందో ఆ రోజే ఎర్ర రంగులో కనబడుతుంది.

జనవరి 1న సర్వర్లు నడిపేవాళ్లకు రెండు దారులు చూపించారు. `sa-update` ఆజ్ఞతో కొత్త నియమాలు దించుకోవడం ఒకటి. అది కుదరనివారు తమ సెట్టింగుల ఫైల్లో `score FH_DATE_PAST_20XX 0` అని ఒక వరస చేర్చి, ఆ నియమం మార్కులను సున్నా చేసుకోవడం రెండోది. కొత్తగా దించిన నియమంలో మార్పు ఒక్క అంకెదే. `20[1-9][0-9]` పోయి `20[2-9][0-9]` వచ్చింది. ఆ రోజుకు అది ఉత్తరాలను విడిపించింది. దాని పక్కన 2020 జనవరి 1 తేదీతో ఒక కేసు రాసి, ‘తగలకూడదు’ అని పెట్టి నడిపితే మాత్రం సవరణ అయిన మొదటి నిమిషంలోనే ఎర్రగా వెలిగేది.